వాయిదా పక్కన మరో వరుస
నెలకు రూ.2,708 కడితే చాలన్న లెక్కతో, రూ.30,000 ఫ్రిజ్‌ను క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐకి కొన్నారనుకుందాం. వడ్డీ ఏడాదికి 15 శాతం. మొదటి స్టేట్‌మెంట్‌లో మాత్రం ఈ ఒక్క కొనుగోలు కిందే రూ.3,010 కనిపిస్తుంది. బ్యాంకు లెక్క తప్పలేదు. వాయిదాలో అసలు రూ.2,333, వడ్డీ రూ.375. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ రూ.67.50. ప్రాసెసింగ్ ఫీజు రూ.199 అయితే, దాని మీద జీఎస్టీ మరో రూ.36.

ఫీజు మొదటి నెలతో సరి. వడ్డీ మీది పన్ను మాత్రం ఏడాది పొడుగునా వస్తుంది. అసలు తీరేకొద్దీ వడ్డీ తగ్గుతుంది, దాంతోపాటే పన్నూ తగ్గి ఆఖరి నెలకు ఆరు రూపాయలవుతుంది. విడిగా చూస్తే చిల్లరే. అన్నీ కలిపితే వడ్డీ రూ.2,493, దానిపై పన్ను రూ.449, పన్నుతో సహా ఫీజు రూ.235. అంటే ఫ్రిజ్ ఖరీదు రూ.33,177.

ఇంటి అప్పు వడ్డీ మీద జీఎస్టీ లేదు. అప్పుల వడ్డీకి ఇచ్చిన ఆ మినహాయింపు క్రెడిట్ కార్డు వడ్డీకి వర్తించదు. అందుకే దుకాణంలో విన్న 15 శాతం, జేబులోంచి పోయేటప్పుడు 17.7 శాతం అవుతుంది. ఈ తేడాను కొనేవారికి ముందే చెప్పేవారు అరుదు.

‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నా ఈ వరుస చెరిగిపోదు. అక్కడ వడ్డీకి సరిపడా మొత్తాన్ని ధరలో ముందే తగ్గిస్తారు. అదే ఫ్రిజ్‌కు దాదాపు రూ.2,302 తగ్గించి, మిగిలిన రూ.27,698 మీద వడ్డీ వేస్తారు. నెలకు సరిగ్గా రూ.2,500 పడుతుంది. కానీ ఆ వడ్డీపై జీఎస్టీ రూ.414, ఫీజు రూ.235 కొన్నవారివే. ఒకేసారి చెల్లిస్తే దొరికే రాయితీ ఏదైనా ఉండి, దాన్ని వదులుకుంటే ఆ నష్టం దీనికి అదనం.

రిజర్వు బ్యాంకు ఆదేశాలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. కొనుగోలును ఈఎంఐగా మార్చేముందే అసలు, వడ్డీ, ఇచ్చిన రాయితీ చూపాలి. స్టేట్‌మెంట్‌లోనూ వాటిని విడివిడిగా చూపాలి. వడ్డీ ఉన్న ఈఎంఐని వడ్డీ లేనిదిగా చూపకూడదు. ఆ వివరాలతో పాటు ఫీజు, పన్ను కలిసిన మొత్తాన్ని రూపాయల్లో, ఓటీపీ కొట్టకముందే, వాయిదా అంకె ఉన్నంత పెద్ద అక్షరాల్లో చూపాలని మేం కోరుతున్నాం. రూ.2,708 పక్కనే రూ.33,177 కనబడితే, ఫ్రిజ్ ఇప్పుడు కొనాలో, నాలుగు నెలలు ఆగి కొనాలో ఆ ఇంటివాళ్లే తేల్చుకుంటారు.