చూసి ఎంచిన చోటును మళ్లీ కొలవం

మేము మెదడు స్కాన్లను విశ్లేషించేవాళ్లం. ఎఫ్‌ఎంఆర్‌ఐ డేటాను సేకరించేవాళ్లు, దానిపై లెక్కలు నడిపేవాళ్లు, ఇతరుల పరిశోధన పత్రాలను సమీక్షించేవాళ్లు మాలో ఉన్నారు. ఒక స్కాన్ నుంచి ఏం చెప్పవచ్చో, ఏం చెప్పకూడదో మేమంతా కలిసి ఒక మాట మీదికి వచ్చాం. అది ఇక్కడ రాసి పెడుతున్నాం.

ముందుగా మా పట్టుదలకు కారణమైన లెక్క. 16 మందిని స్కాన్ చేశారనుకుందాం. ఒక్కొక్కరి మెదడు చిత్రంలో సుమారు 50,000 చిన్న ఘనాలు ఉంటాయి. వాటిని వోక్సెల్‌లు అంటాం. ఒక్కొక్కరికి ఆందోళన స్థాయిని తెలిపే స్కోరు కూడా ఉంది. కానీ ఆ స్కోర్లను మేము చీట్లు తీసి పంచాం. అంటే మెదడుకూ స్కోరుకూ ఏ సంబంధమూ ఉండే వీల్లేదు. ఇప్పుడు ప్రతి వోక్సెల్‌లోని స్పందనకూ ఆ స్కోరుకూ సహసంబంధం లెక్కకట్టి, పి-విలువ 0.001 కంటే తక్కువున్న వోక్సెల్‌లను మాత్రమే ఉంచుకుందాం. వెయ్యికి ఒకటి చొప్పున, 50,000లో దాదాపు 50 వోక్సెల్‌లు ఊరికే గట్టెక్కుతాయి. పైగా పక్కపక్క వోక్సెల్‌లు కలిసి కదులుతాయి, డేటాను నునుపు చేసినప్పుడు మరింతగా కలుస్తాయి. కాబట్టి అవి అక్కడక్కడ గుంపులుగా, నిజమైన మెదడు ప్రాంతాల్లాగే కనిపిస్తాయి.

ఇంతవరకు జరిగింది బహుళ పోలికల పొరపాటు. 2009లో క్రెయిగ్ బెన్నెట్, ఆయన సహచరులు దీన్ని చనిపోయిన సాల్మన్ చేపతో చూపించారు. మనుషుల ఫొటోలు చూపిస్తూ, వాళ్లు ఏ భావంలో ఉన్నారో చెప్పమని అడుగుతూ ఆ చేపను స్కాన్ చేశారు. సవరణ లేకుండా లెక్కిస్తే 8,064 వోక్సెల్‌లలో 16 ‘స్పందించాయి’. బహుళ పోలికలకు సవరణ చేయగానే ఒక్కటీ మిగల్లేదు. ఈ కథ చాలామందికి తెలుసు. దానికి పక్కనే ఉన్న రెండో పొరపాటు అంత తేలిగ్గా పట్టుబడదు. మా ప్రణాళికలో ఎక్కువ భాగం దాని గురించే.

మన 16 మంది దగ్గరికి తిరిగి వద్దాం. గట్టెక్కిన గుంపుల్లో ఒకదాన్ని తీసుకుని, దానిలోని వోక్సెల్‌ల సగటు స్పందనకూ స్కోరుకూ సహసంబంధం ఎంతో మళ్లీ కొలుస్తారు. చుక్కలన్నీ గీత వెంట చక్కగా పేరుకుంటాయి. గుణకం 0.8 వరకు వస్తుంది. రాక తప్పదు. 16 మందితో 0.001 హద్దు దాటాలంటే సహసంబంధం కనీసం 0.74 ఉండాలి, మనం ఎంచింది అది దాటిన వోక్సెల్‌లనే. ఆ సంఖ్య ప్రయోగానికి ముందే మన వడపోతలో ఉంది, మెదడు చెప్పింది కాదు. ఎంపికకు వాడిన డేటాతోనే కొలతా జరిగింది కాబట్టి దీన్ని వలయ విశ్లేషణ అంటాం.

ఎడ్ వుల్, హెరాల్డ్ పాష్లర్ తదితరులు 2009లో భావోద్వేగాలు, వ్యక్తిత్వంపై వచ్చిన ఇలాంటి అధ్యయనాల రచయితలనే ఈ కొలత ఎలా చేశారని అడిగారు. సగానికి పైగా ఈ పద్ధతినే వాడినట్టు తేలింది. ఆ సంఖ్యలు అసలు సాధ్యమేనా అన్నది వాళ్ల మరో ప్రశ్న. వ్యక్తిత్వ ప్రశ్నావళి విశ్వసనీయత సుమారు 0.8, స్కాన్ కొలతది సుమారు 0.7 అనుకుంటే, రెండింటికీ లోపల సంపూర్ణ సంబంధం ఉన్నా మనకు కనబడే సహసంబంధం సగటున 0.75 దగ్గర ఆగిపోవాలి. అచ్చయిన పత్రాల్లో అంతకు మించినవి చాలా ఉన్నాయి. అదే ఏడాది క్రీగెస్‌కోర్ట్ బృందం పేరున్న ఐదు పత్రికల్లో 2008లో వచ్చిన 134 ఎఫ్‌ఎంఆర్‌ఐ పత్రాలను పరిశీలించింది. 42 శాతంలో కనీసం ఒక విశ్లేషణ ఇలా వలయంలో తిరిగిందని తేల్చింది.

ఇక్కడ ఒక న్యాయం పాటించాలి. వలయం ఉన్నంత మాత్రాన ఆ ప్రాంతంలో ప్రభావం లేదని కాదు. సవరణ సరిగా చేసి ఉంటే ‘ఇక్కడ ఏదో ఉంది’ అనే మాట నిలుస్తుంది. ‘అది ఇంత ఉంది’ అనే మాట నిలవదు. ఈ రెంటినీ మేము వేరుగా రాస్తాం, వేరుగా ఒప్పుకుంటాం.

కాబట్టి మేము కట్టుబడేది ఇది. ఎక్కడ వెతకబోతున్నామో డేటా చూడకముందే రాసి పెడతాం. మెదడంతా వెతికితే మెదడంతటికీ సవరణ చేస్తాం. అమిగ్డలాలో ఫలితం కనబడ్డాక, మొదటినుంచీ అక్కడే వెతికినట్టు వెతికే పరిధిని చిన్నది చేయం. సవరణకు వీలైనచోటల్లా చీట్లు కలిపే పద్ధతిని వాడతాం. స్కోర్లను మనుషుల మధ్య వేలసార్లు తారుమారు చేసి, ప్రతిసారీ మెదడంతటిలో వచ్చిన గరిష్ఠ విలువను రాసుకుని, వాటిలో 95 శాతాన్ని మించినదాన్నే ఫలితంగా లెక్కిస్తాం. వోక్సెల్‌లు ఒకదానితో ఒకటి ఎంత కలిసి కదులుతాయో ఊహించాల్సిన పని ఇందులో లేదు. ఆ ఊహ ఎంత ప్రమాదకరమో ఎక్లుండ్, నికోల్స్, క్నూట్సన్ 2016లో చూపించారు. విశ్రాంతిలో ఉన్న 499 మంది స్కాన్ల మీద లేని ప్రయోగాలను ఊహించి లెక్కిస్తే, 5 శాతం ఉండాల్సిన తప్పుడు ఫలితాలు కొన్ని అమరికల్లో 70 శాతం దాకా వెళ్లాయి. వాళ్లు వాడినవి అందరూ వాడే సాఫ్ట్‌వేర్లే.

ఎంపికకు ఒక డేటా, కొలతకు మరో డేటా వాడతాం. ముఖాలకు స్పందించే ప్రాంతాన్ని ఒక రన్‌లో గుర్తించి, దాని స్పందన పరిమాణాన్ని మరో రన్‌లో కొలవడం సరైనదే. కానీ మనుషుల మధ్య తేడాల గురించి మాట్లాడేటప్పుడు రన్‌లు వేరు చేస్తే చాలదు. ఒకరి మెదడు స్పందన రెండు రన్‌లలోనూ చాలావరకు ఒకేలా ఉంటుంది. ఆ 16 మందిలో స్కోరుతో అనుకోకుండా కుదిరిన పోలిక రెండో రన్‌లోనూ తోడొస్తుంది. కాబట్టి అక్కడ మనుషులనే వేరు చేస్తాం. 16 మందిని ఎనిమిదేసి చేస్తే ఏమీ తేలదని మాకు తెలుసు. అలాంటప్పుడు మాకు వచ్చే సమాధానం ఒకటే: 16 మందితో ఆ ప్రశ్న అడగకూడదు.

రోగులను, ఆరోగ్యవంతులను స్కాన్‌తో వేరుచేసే ప్రోగ్రాముల్లోనూ ఇదే వలయం దూరుతుంది. రెండు గుంపుల మధ్య ఎక్కువ తేడా చూపిన వోక్సెల్‌లను మొత్తం డేటాలో ఎంచి, తర్వాత ఒక్కొక్కరిని పక్కన పెట్టి పరీక్షిస్తే, పక్కన పెట్టినవాళ్లు అప్పటికే ఎంపికలో పాల్గొన్నారు. పేపరు లీకైన పరీక్షలో వచ్చిన మార్కులకూ ఆ ఖచ్చితత్వానికీ తేడా లేదు. అందుకే వోక్సెల్ ఎంపికను ప్రతి మడతలో, శిక్షణ భాగం లోపలే మళ్లీ చేస్తాం. ఆ తర్వాత రోగి, ఆరోగ్యవంతుడు అనే పేర్లను తారుమారు చేసి మొత్తం వరసను మొదటినుంచి నడుపుతాం. రెండు గుంపులూ సమానంగా ఉన్నప్పుడు, ఎన్నోసార్లు నడిపినా సగటు 50 శాతం చుట్టూ రాకపోతే ఎక్కడో లీకు ఉన్నట్టే. అది దొరికేదాకా ఫలితం బయటపెట్టం.

ఇందుకు మూల్యం ఉంది. కఠినమైన హద్దు పెడితే నిజంగా ఉన్న చిన్న ప్రభావాలు చేజారిపోతాయి. అందుకే హద్దు వేయని పూర్తి మ్యాపులను పత్రంతో పాటు బయట పెడతాం. ఒక చోట గట్టెక్కని బలహీన సంకేతం పది అధ్యయనాలను కలిపినప్పుడు తేలవచ్చు. గట్టెక్కిన శిఖరాల పట్టిక ఒక్కటే ఇస్తే అది ఎప్పటికీ తేలదు.

సమీక్షకు మా చేతికి వచ్చిన ప్రతి పత్రాన్నీ ఇదే అడుగుతాం: ఈ వోక్సెల్‌లను ఏ డేటాతో ఎంచారు, ఈ సంఖ్యను ఏ డేటాతో కొలిచారు, ఎన్ని చోట్ల వెతికాక ఇది దొరికింది? మొదటి రెంటికీ జవాబు ఒకటే అయితే మ్యాపును ఉంచమంటాం. చుక్కల గ్రాఫునూ గుణకాన్నీ తీసేయమంటాం.