చదరపు అడుగు ధరలో కనిపించని పునాది

గుంటూరు: ఇల్లు కట్టదలచినవారు గుత్తేదారును మొదట అడిగేది చదరపు అడుగుకు ఎంత అనే. ఆయన చెప్పిన అంకెను ఇంటి వైశాల్యంతో గుణించి, ఆ మేరకే బ్యాంకు రుణం తీసుకునేవారు అనేకులు. పునాది పూర్తయ్యేసరికి 'అదనపు పనుల' జాబితా చేతికి వస్తుంది. అప్పటికే సొమ్ము కరిగిపోతుంది.

నల్లరేగడి స్థలంలో వెయ్యి చదరపు అడుగుల ఇంటికి అడుగుకు రూ.1,800 చొప్పున రూ.18 లక్షలకు ఒప్పందం కుదిరిందనుకుందాం. స్థలం రోడ్డు కంటే 3 అడుగుల పల్లంలో ఉంటే బేస్‌మెంట్ నింపడానికే సుమారు 3,000 ఘనపు అడుగుల గ్రావెల్ కావాలి. ట్రాక్టరుకు వంద అడుగుల లెక్కన 30 ట్రిప్పులు. నీళ్లు పోసి దిమ్మిస కొడితే అదీ కుంగుతుంది కనుక మరికొన్ని తప్పవు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. కదలని పొర తగిలేదాకా గుంతలు తీయాలి. గట్టి మొరం నేలలో 5 అడుగులతో సరిపోయేది ఇక్కడ 9 అడుగులు కావచ్చు. కాంక్రీటు, ఇనుము ఆ మేరకు పెరుగుతాయి. ఇంటి వైశాల్యం మాత్రం ఒక్క అడుగూ పెరగదు.

పై అంతస్తుకు లెక్క తిరగబడుతుంది. అక్కడ తవ్వకం లేదు, పూడిక లేదు. సెప్టిక్ ట్యాంకు, సంపు కిందే పూర్తయ్యాయి. అయినా అదే రూ.1,800 చెల్లిస్తే పునాదికి యజమాని రెండుసార్లు సొమ్మిచ్చినట్లే. గుత్తేదారుల వాదననూ తోసిపుచ్చలేం. రెండంతస్తులకని సగటు ధర చెప్పాక యజమాని ఒక్కదానితో ఆపేస్తే నష్టం వారిదే.

వైశాల్యం అనే మాటలోనూ మెలిక ఉంది. గోడల వెలుపలి అంచు వరకు కొలిస్తే వెయ్యి అడుగులున్న ఇల్లు, సజ్జలు, బాల్కనీ కలిపి శ్లాబు కొలిస్తే 1,150 కావచ్చు. ఆ 150 అడుగుల తేడా రూ.2.70 లక్షలు. సజ్జకు గోడలు, తలుపులు, టైల్స్ ఉండవు. ధర మాత్రం గదితో సమానం.

ప్రభుత్వ భవనాలకు ఇంజినీర్లు తవ్వకం, కాంక్రీటు, గోడలు, ప్లాస్టరింగును విడివిడిగా కొలిచి, ప్రామాణిక ధరల పట్టిక ప్రకారం అంచనా వేస్తారు. సొంతింటికి అంత వివరం సాధ్యం కాకున్నా, బేస్‌మెంట్ వరకు పనిని కొలతలపైనా, ఆపైన అంతస్తుకొక చదరపు అడుగు ధరపైనా ఒప్పుకోవచ్చు. వైశాల్యాన్ని ఎక్కడినుంచి ఎక్కడికి కొలుస్తారో కాగితంపై ఉండాలి. గుంతల లోతును పూడ్చకముందే ఇరుపక్షాల సమక్షంలో కొలిచి, పుస్తకంలో రాసి సంతకాలు చేయించుకోవాలి. మట్టి కప్పేశాక అది 5 అడుగులో, 9 అడుగులో తేల్చాలంటే మళ్లీ తవ్వాల్సిందే.