బతికే హక్కంటే ఊపిరి ఒక్కటేనా?

రాజ్యాంగంలో 21వ అధికరణం ఒకే ఒక్క వాక్యం. చట్టం నిర్ణయించిన పద్ధతిలో తప్ప ఏ మనిషి ప్రాణాన్ని గాని, స్వేచ్ఛను గాని హరించరాదని దాని భావం. అందులో కూలి మాట లేదు, ఆసుపత్రి మాట లేదు, తాగేనీళ్ళ మాట లేదు. మరి చేసుకునే పని లాగేసుకుంటే, ఆసుపత్రి గేటు దగ్గర నుంచే వెళ్ళగొడితే, పొలం మీద విషం చల్లితే ఆ అధికరణం పేరు చెప్పి అడగవచ్చా? అడగవచ్చునని సుప్రీంకోర్టే చెప్పింది. అయితే ఎంతవరకు అడగవచ్చు, అడిగితే చేతికి ఏమి వస్తుంది? ఈ సంగతి మన వ్యవసాయ కార్మిక సంఘాల కార్యకర్తలు వివరంగా తెలుసుకోవాలి. సభలో నినాదం ఇవ్వడం తేలికే. తాసీల్దారు ఎదుట నిలబడి అడిగేటప్పుడు నినాదం ఒక్కటే చాలదు.

ఈ అధికరణం మీద మొదటి పెద్ద కేసు వేసింది రైతు ఉద్యమ నాయకుడే. 1950లో మద్రాసు రాష్ట్రంలో నిర్బంధంలో ఉన్న కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్, నన్ను ఖైదు చేసిన పద్ధతి న్యాయమైనదేనా అని అడిగారు. చట్టసభ ఒక పద్ధతి రాసిపెడితే చాలు, అది న్యాయమా కాదా అని మేము చూడం అన్నది ఆనాటి కోర్టు. ఆ మాట తిరగబడడానికి 28 ఏళ్ళు పట్టింది. 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో, పద్ధతి న్యాయంగా, సమంజసంగా ఉండి తీరాలని కోర్టు ఒప్పుకుంది. రైతు నాయకుడు అడిగితే తెరుచుకోని తలుపు పాస్‌పోర్టు కోసం తెరుచుకుంది. పోనీండి, ఎవరు తెరిచినా తలుపు తెరుచుకున్నది కదా! ఆ దారినే తర్వాత పేదల కేసులు వచ్చాయి.

జీవనోపాధి సంగతి ముందు చూద్దాం. 1981లో బొంబాయి పేవ్‌మెంట్ల మీద గుడిసెలు పీకేసి, అందులో ఉండేవాళ్ళను సొంత ఊళ్ళకు పంపేస్తామని మహారాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. కోర్టుకు వెళ్ళినవారిలో తమిళనాడు సేలం నుంచి వచ్చిన భూమిలేని కూలీ ఒకరున్నారు. ఊళ్ళో కరువొచ్చి పని లేక 1961లో వలస వచ్చినవాడు. గుడిసె పోతే పనికి దూరమవుతాను, పని పోతే బతుకే పోతుందన్నది వారి వాదన. ఓల్గా టెల్లిస్ అనే జర్నలిస్టు పేరుతో పిలిచే ఆ కేసులో 1985 జులైలో తీర్పు వచ్చింది. బతకడానికి ఆధారం లేకుండా ఎవరూ బతకలేరు గనుక బతికే హక్కులో జీవనోపాధి కూడా ఉందని కోర్టు చెప్పింది.

ఇంతవరకు అందరూ గొప్పగా చెబుతారు. మిగతా సగం చెప్పరు. ప్రభుత్వం పని కల్పించి తీరాలని 21వ అధికరణం కింద బలవంతం చేయలేం, ఉన్న ఉపాధిని అన్యాయమైన పద్ధతిలో తీసేస్తే మాత్రం అడగవచ్చు అని అదే తీర్పు చెప్పింది. నోటీసు ఇవ్వాలి, మాట వినాలి అన్నది. వర్షాకాలం పోయేదాకా, అంటే అక్టోబరు 31 దాకా ఆగి, తర్వాత తొలగించుకోవచ్చునని కూడా అన్నది. అంటే హక్కు గెలిచింది, గుడిసె ఓడిపోయింది. అందుకే పని కావాలని అడగడానికి 2005లో ఉపాధి హామీ చట్టం విడిగా తెచ్చుకోవలసి వచ్చింది.

ఇక ఆరోగ్యం. ఈ కేసు మన కూలీలదే, అందుకే కాస్త తీరికగా చెప్పుకుందాం. పశ్చిమ బెంగాల్‌లో ఖేత్ మజ్దూర్ సమితి అని వ్యవసాయ కూలీల సంఘం ఉంది. 1992 జులై 8 రాత్రి 7.45కు ఆ సంఘ సభ్యుడొకడు మథురాపూర్ స్టేషన్లో రైలు నుంచి పడిపోయాడు. తలకు పెద్ద దెబ్బ, లోపల రక్తస్రావం. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సౌకర్యం లేదని పెద్దాసుపత్రికి రాసి పంపారు. రాత్రి 11.45కు కలకత్తా ఎన్.ఆర్.ఎస్. ఆసుపత్రి: మంచం ఖాళీ లేదు. కలకత్తా మెడికల్ కాలేజీ: అదే మాట. ఒంటిగంటకు మరో ఆసుపత్రి: ఆ విభాగం మా దగ్గర లేదు. రెండింటికి ఇంకొకటి: మంచం లేదు. ఒక ప్రైవేటు చోట 1,310 రూపాయలు కట్టి స్కానింగు తీయించి, పొద్దున ఎనిమిదింటికి ఐదో సర్కారు ఆసుపత్రికి తీసుకుపోతే, అది చూసి ఈ కేసు మా వల్ల కాదన్నారు. పదింటికి ఆరో ఆసుపత్రి వాళ్ళు మెదడుకు ఆపరేషన్ చేసే ఏర్పాటు లేదన్నారు. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చి బతికించుకున్నారు. ఖర్చు సుమారు 17,000. పొలం కూలికి ఆ రోజుల్లో ఆ సొమ్ము ఎన్నేళ్ళ కష్టమో లెక్క మీరే వేసుకోండి.

సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 మే 6న తీర్పు వచ్చింది. ప్రాణాపాయంలో వచ్చిన మనిషికి సర్కారు ఆసుపత్రి సకాలంలో వైద్యం చేయకపోతే అది 21వ అధికరణాన్ని ఉల్లంఘించడమే. డబ్బు లేదని ప్రభుత్వం ఈ బాధ్యత తప్పించుకోరాదు అన్నది కోర్టు. 25,000 రూపాయల నష్టపరిహారం ఇమ్మన్నది. ఆరోగ్య కేంద్రంలోనే ప్రాణం నిలబెట్టే చికిత్స ఉండాలి, అంబులెన్సు ఉండాలి, ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీ ఉందో ఒక్కచోటనే తెలిసే ఏర్పాటు ఉండాలి అని చెప్పి, మిగతా రాష్ట్రాలు కూడా ఇది పాటించాలన్నది. కాబట్టి ఇది బెంగాల్ గొడవ, మాకెందుకని మన రాష్ట్రాల అధికారులు అనడానికి లేదు. ఆనాడు అక్కడున్నది వామపక్ష ప్రభుత్వమే, ఆ మాట దాచవలసిన పని మాకు లేదు. కూలీ తల పగిలినప్పుడు గేటు మూసింది ఏ ప్రభుత్వపు ఆసుపత్రి అయినా అడగవలసిందే.

ఈ కేసు గెలవడానికి కారణం ఏమిటంటే, ఎన్నింటికి ఎక్కడికి పోయాడు, అక్కడ ఏమన్నారు అన్నది గంటగంటకూ చెప్పగలిగారు. "ఎక్కడా చేర్చుకోలేదండీ" అని ఊరికే చెబితే కోర్టులో నిలవదు.

పర్యావరణం అనగానే అది పట్నం చదువుకున్నవాళ్ళ సంగతి అనుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు. మందు డబ్బా వీపున కట్టుకుని పత్తిచేలో, మిరపచేలో తిరిగేది ఎవరు? కేరళలో కాసరగోడు జీడిమామిడి తోటల మీద హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ ఏళ్ళ తరబడి చల్లారు. కింద ఉన్న కూలీల ఊళ్ళలో బిడ్డలు అవిటివాళ్ళుగా పుట్టారు. డి.వై.ఎఫ్.ఐ. వేసిన కేసులో 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఆ మందు తయారీని, అమ్మకాన్ని దేశమంతటా ఆపించింది. ఇది పెద్ద విజయమే. 2017 జనవరిలో బాధితులకు ఐదేసి లక్షలు మూడు నెలల్లో ఇమ్మని కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఐదేళ్ళ తర్వాత, 2022 మేలో కోర్టు లెక్క అడిగితే తేలిందేమిటి? 3,704 మంది బాధితుల్లో సొమ్ము అందింది ఎనిమిది మందికి. ఆ ఎనిమిది మందీ కోర్టు ధిక్కారం కేసు వేసినవాళ్ళు! మిగతావాళ్ళకు హక్కు లేకనా? లేదు, వాళ్ళు మళ్ళీ వెళ్ళి అడగలేదు గనుక.

ఈ మూడు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూస్తే 21వ అధికరణం బలం ఎక్కడ, లోటు ఎక్కడ అన్నది తెలిసిపోతుంది. చెడు చేయవద్దని ఆపడానికి అది బాగా పనికొస్తుంది. జరిగిన నష్టానికి సొమ్ము తేవడానికి పనికొస్తుంది గాని వెంటపడాలి. లేనిదాన్ని కొత్తగా ఇప్పించడానికి మాత్రం చట్టమూ కావాలి, ఉద్యమమూ కావాలి.

కాబట్టి గ్రామశాఖలు ఈ పనులు అలవాటు చేసుకోవాలి. ఆసుపత్రిలో చేర్చుకోకపోతే ఓ.పి. చీటీ మీద వేళ, కారణం రాసివ్వమని పట్టుబట్టండి. రాయనంటే తోడొచ్చిన ఇద్దరి పేర్లతో మనమే ఆ రాత్రే కాగితం మీద పెట్టాలి. గుడిసెలు తీసేస్తామంటే నోటీసు ఏదని అడగండి, నోటి మాటకు కదలవద్దు. మందు కొట్టి పడిపోతే ఆ డబ్బా పారేయకుండా దాచండి, దాని మీది పేరే సాక్ష్యం. హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్టు వేయవచ్చు. దళితులకు, గిరిజనులకు, ఆదాయంతో పనిలేకుండా స్త్రీలందరికీ 1987 చట్టం కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆ సంస్థ ఆఫీసు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది.