సీట్లు నిండుతున్నా గల్లా ఎందుకు నిండట్లేదు?

హోటల్ నడుపుతున్న మా బావ మొన్న ఫోన్ చేసి, "ఒరేయ్, ఆదివారం కుర్చీ ఖాళీ ఉండదు. నెలాఖరికి చూస్తే అద్దె కట్టడానికే కష్టంగా ఉంది. నీకు లెక్కలొచ్చు కదా, కాస్త చూడు" అన్నాడు. నలభై సీట్ల బిర్యానీ హోటల్ అది. ఇలాంటి చోట మొదట చూడాల్సింది ఫుడ్ కాస్ట్ పర్సెంటేజ్. అంటే వంద రూపాయల అమ్మకంలో సరుకుకి ఎంత పోయిందో చెప్పే లెక్క.

చాలామంది ఈ వారం కొన్న బిల్లులన్నీ కూడి, అమ్మకంతో భాగిస్తారు. అది తప్పు. కొన్నదంతా ఈ వారమే వాడలేదు కదా, పోయిన వారం సరుకు కూడా కొంత వాడారు. వారం మొదట్లో ఉన్న సరుకుకి ఈ వారం కొన్నది కలిపి, చివర్లో మిగిలింది తీసేస్తే వాడింది వస్తుంది. గూగుల్ షీట్స్‌లో ఒక్క లైన్ చాలు:

```
=(B2+C2-D2)/E2
```

వరసగా మొదటి సరుకు, కొన్నది, మిగిలింది, అమ్మకం. అమ్మకంలో జీఎస్టీ కలపకూడదు, అది మన డబ్బు కాదు. లెక్కపెట్టడం మాత్రం ప్రతివారం ఒకే సమయానికి జరగాలి. బావ హోటల్లో ఆదివారం రాత్రి షటర్ వేశాక చేశాం. అంకెలు కాస్త గుండ్రంగా చెప్తాను: మొదట ఉన్నది 42,000, కొన్నది 1,18,000, మిగిలింది 38,000. అంటే వాడింది 1,22,000. అమ్మకం 3,05,000. సరిగ్గా 40 శాతం.

40 ఎక్కువా, తక్కువా? అది అమ్మే ఐటమ్స్‌ని బట్టి ఉంటుంది. మటన్ ఎక్కువ పోయే చోట శాతం ఎక్కువే ఉంటుంది, టీ కొట్టుతో పోల్చలేం. అందుకే పక్క హోటల్ అంకె మనకి పనికిరాదు. మనకి మనమే ఇంకో అంకె తయారు చేసుకోవాలి. ఒక్కో ప్లేట్‌కి రెసిపీ ప్రకారం ఎంత సరుకు పడాలో రాసి, ఆ ఖర్చుని బిల్లింగ్ మెషీన్ చెప్పిన ప్లేట్ల సంఖ్యతో గుణించి, అన్నీ కూడాలి. బావకి అది 1,03,700 వచ్చింది, అంటే 34 శాతం. ఖర్చు అవ్వాల్సింది 34, అయింది 40. ఆ ఆరు శాతం వారానికి 18,300 రూపాయలు. నాలుగు వారాలకి 73 వేలు దాటుతుంది. అద్దె అక్కడే పోతోంది!

మా భాషలో చెప్పాలంటే ఇది ఎర్రర్ మెసేజ్ లాంటిది. ఏదో తేడా ఉందని చెప్తుంది, ఏ లైన్లో ఉందో చెప్పదు. అందుకని అన్నీ ఒకేసారి వెతక్కుండా ఒక్క సరుకే పట్టుకున్నాం. అది బిర్యానీ కట్ చికెన్.

రెసిపీలో ప్లేట్‌కి పచ్చి చికెన్ 250 గ్రాములు. వారంలో 420 ప్లేట్లు అమ్మారు కాబట్టి 105 కిలోలు అవ్వాలి. అయింది ఎంత? మొదట ఫ్రిజ్‌లో 12 కిలోలు, కొన్నది 126, మిగిలింది 10. అంటే 128 కిలోలు. తేడా 23 కిలోలు. కిలో 240 లెక్కన 5,520 రూపాయలు.

బావకి మొదట వచ్చిన అనుమానం దొంగతనం. కాటా తెచ్చి చూస్తే కథ వేరేగా ఉంది. ప్లేట్‌కి రెండు ముక్కలని రూలు. ఆ లెక్కన ఒక్కోటి 125 గ్రాములు ఉండాలి. సప్లయర్ కొట్టి పంపే ముక్క సగటున 140 ఉంటోంది. వడ్డించేవాడు రెండే వేస్తున్నాడు, అతని తప్పేం లేదు. కానీ ప్లేట్‌కి 30 గ్రాములు అదనంగా వెళ్తోంది. 420 ప్లేట్లకి 12.6 కిలోలు! సగానికి పైగా తేడా ఇదే.

రెండోది పారేసిన బిర్యానీ. వారంలో 30 ప్లేట్లు, అంటే 8.4 కిలోల చికెన్. మిగిలిన రెండు కిలోలు దిగుమతి దగ్గర పోయాయి. బిల్లు మీద ఉన్న బరువునే నమ్మి, తూచకుండా తీసుకుంటున్నారు. తడి సంచితో పాటు తూచినా లెక్క తప్పుతుంది.

ఆ 30 ప్లేట్లు ఎందుకు మిగిలాయి? ఇక్కడే పార్ లెవెల్ వస్తుంది. మళ్లీ సరుకు వచ్చేదాకా మన దగ్గర ఉండాల్సిన పరిమాణమే పార్. బావ రోజూ 18 కిలోలు చెప్పేస్తున్నాడు, ఏడు రోజులూ అంతే. కానీ సోమవారం నుంచి గురువారం దాకా రోజుకి 45 ప్లేట్లే పోతాయి. శుక్రవారం 60, శనివారం 80, ఆదివారం 100. వారం మధ్యలో ఫ్రిజ్‌లో చికెన్ పేరుకుంటే, పాడైపోతుందేమోనని మాస్టర్ హండీలో ఎక్కువ వేసేస్తాడు. రాత్రి పదింటికి అది మిగిలిపోతుంది. ఎక్కువ కొనడం వల్ల ఎక్కువ వండారు, ఎక్కువ వండడం వల్ల పారేశారు.

ఇప్పుడు రోజుకో పార్ పెట్టాం. మంగళవారానికి 45 ప్లేట్లు, 250 గ్రాముల చొప్పున 11.25 కిలోలు. పైన పదో వంతు జాగ్రత్తకి కలిపితే దాదాపు 12.5. సోమవారం రాత్రి ఫ్రిజ్‌లో 3 కిలోలు ఉంటే, చెప్పాల్సింది 9.5 కిలోలే. ఆదివారం పార్ 27.5. బియ్యం, నూనె లాంటివి చెడిపోవు కాబట్టి వాటికి నాలుగు రోజుల వాడకం పెట్టుకున్నా పర్లేదు. చికెన్‌కి కుదరదు. పార్ ఒకసారి రాసి గోడకి అంటించేది కూడా కాదు. కార్తీక మాసం వస్తే చికెన్ తగ్గించి పనీర్ పెంచాలి. రోజూ పార్ కంటే ముందే సరుకు అయిపోతుంటే పెంచాలి, వరసగా మిగులుతుంటే తగ్గించాలి.

ఇక పారేసినవి రాసే పుస్తకం. చెత్తబుట్ట పక్కనే ఒక నోట్‌బుక్, పెన్ను, కాటా. ఏది, ఎంత, ఎందుకు అని మూడే గడులు. ఎందుకు అన్నచోట నాలుగు మాటలు చాలు: ఎక్కువ వండాం, చెడిపోయింది, మాడింది, కస్టమర్ వెనక్కి పంపాడు. స్టాఫ్ తిన్నది వేరే పేజీలో రాయాలి, అది వేస్ట్ కాదు. బావ మొదటి వారం "పారేసినోడి జీతంలో కోస్తా" అన్నాడట. పుస్తకం తెల్లగా ఉంది, చెత్తబుట్ట నిండుగా ఉంది! కోతల మాట ఆపాక రాయడం మొదలైంది. తేడా మాత్రం పెద్దగా ఉండి పుస్తకం ఖాళీగా ఉంటే, అక్కడ ఎవరూ రాయట్లేదనే అర్థం.

సప్లయర్‌కి ఇప్పుడు ముక్క సైజు 125 గ్రాములని చెప్పి, దిగుమతి అప్పుడే పది ముక్కలు తూస్తున్నారు. పది కలిపి కిలోంబావు ఉండాలి, అంతే పరీక్ష. మటన్, నూనె, పెరుగు ఇంకా చూడలేదు. ఆ 18,300లో చికెన్ వాటా 5,520 మాత్రమే. వచ్చే ఆదివారం రాత్రి షటర్ వేశాక మటన్ తూస్తాం.