సబూత్ నువ్వే తెచ్చుకో అంటే?

మా ఆపా కూతురు డిగ్రీ చదువుతోంది. ఆ రోజు మగ్రిబ్ తర్వాత ఫోన్ చేసి, "మామూ, నేను చోర్‌నంట" అని ఏడ్చేసింది. 1908 మూసీ వరద మీద ఇంగ్లిష్‌లో ఒక ప్రాజెక్టు రాసిచ్చింది. నాలుగు నెలల తర్వాత కాలేజీ వాళ్లు దాన్ని ఏదో డిటెక్టర్‌లో వేస్తే 78 శాతం ఏఐ రాసిందని వచ్చింది. నువ్వే రాశావని మూడు రోజుల్లో సబూత్ తే, లేకుంటే సున్నా అన్నారు.

ఇల్జామ్ వేసినోడు కదా సబూత్ చూపాల్సింది! ఆ 78 ఎట్లా వచ్చిందో వేసినోళ్లకే తెలియదు. ఈ డిటెక్టర్లలో కొన్ని ముఖ్యంగా చూసేది ఇది: తర్వాత రాబోయే మాటను ముందే ఊహించగలిగేట్టుంటే మెషీన్ రాతంటాయి. మరి ఉర్దూ మీడియంలో చదివి, ఇంగ్లిష్‌ను గ్రామర్ పుస్తకంలోంచి నేర్చుకున్న పిల్ల ఎట్లా రాస్తుంది? తెలిసిన మాటలతో, చిన్న వాక్యాలతో, తప్పు దొర్లకుండా భయం భయంగా రాస్తుంది. నేనూ అట్లాగే రాస్తాను. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు డిటెక్టర్లకిచ్చి చూస్తే, సగటున సగానికి పైగా వ్యాసాలను అవి మెషీన్ ఖాతాలో వేశాయి. అదే ఏడాది జులైలో, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌నే సరిగ్గా పట్టలేకపోతోందని ఆపేసింది. అయినా మన పిల్లల మార్కులకు ఖాజీ మాత్రం ఇట్లాంటి మెషీనే!

సరే, నా గుస్సా పిల్లకు మార్కులు తేదు. ఆదివారం పొద్దున్నే వాళ్లింట్లో కూర్చుని ఏముందో వెతికాం.

ప్రాజెక్టు గూగుల్ డాక్స్‌లో రాసింది, అది అదృష్టం. కంప్యూటర్‌లో తెరిచి `File → Version history → See version history` నొక్కితే పదకొండు రోజుల మెహనత్ తారీఖులతో సహా కనబడింది. ఒక పేరా మూడుసార్లు కొట్టేసి రాసుకుంది. అఫ్జల్‌గంజ్ స్పెల్లింగ్ రెండుసార్లు మార్చింది. కానీ ఒకచోట నా గుండె ఝల్లుమంది. ఒక రాత్రి నాలుగు వందల మాటలు ఒక్క దెబ్బలో వచ్చి పడ్డాయి. అచ్చం ఎక్కడినుంచో కాపీ కొట్టినట్టే!

"ఇదేంటి బేటీ?" అన్నాను.

"బస్సులో వాట్సాప్‌లో నాకు నేనే రాసి పంపుకున్నా మామూ. ఇంటికొచ్చి పేస్ట్ చేశా."

ఆ మెసేజీలు డిలీట్ చేయలేదు కాబట్టి బతికిపోయాం. ముక్కలు ముక్కలుగా, టైములతో ఉన్నాయి. లేకుంటే మా దగ్గరున్న సబూతే మా మీద గవాహి చెప్పేది. పేస్ట్ చేసే అలవాటున్న పిల్లలు ఆ మొదటి ముక్కను ఎక్కడ రాశారో అక్కడ ఉంచుకోవాలి. నోట్‌బుక్కయితే పారేయొద్దు.

బ్రౌజర్ హిస్టరీ దగ్గర దెబ్బ తిన్నాం. క్రోమ్ తొంభై రోజులదే ఉంచుతుంది, నోటీసేమో నాలుగు నెలలకొచ్చింది. అయితే తన గూగుల్ ఖాతాలో కార్యకలాపాలు దాచే సెట్టింగు ఆన్‌లో ఉండడంతో `myactivity.google.com` లో పాత వెతుకులాటలు దొరికాయి. ఫోన్ ఇంటిల్లిపాదిదీ కాబట్టి మధ్యమధ్యలో మా ఆపా వెతికిన హలీం వంటలు, తమ్ముడి క్రికెట్టు! అందుకే మొత్తం హిస్టరీ ఎవరి చేతిలోనూ పెట్టొద్దు. వరద గురించి వెతికిన వరుసలు మాత్రమే, తారీఖు కనబడేట్టు స్క్రీన్‌షాట్లు తీశాం.

ఇంకో మాట. డాక్యుమెంటుకు `Make a copy` కొట్టి ఆ నకలు పంపితే పాత చరిత్ర అందులోకి రాదు. చూడడానికి మాత్రమే లింకిస్తే అవతలివాళ్లకు కనబడదు. అసలు ఫైలు పిల్ల దగ్గరే ఉండాలి, దాన్ని తన స్క్రీన్ మీదే తెరిచి చూపించాలి. వర్డ్‌లో రాసి కంప్యూటర్‌లోనే సేవ్ చేసుకునేవాళ్లకు ఈ చరిత్ర మిగలదు. వాళ్లు ఏ రోజు కా రోజు వేరే పేరుతో ఫైలు దాచుకోవాలి.

ఇంత చేసినా ఇది పక్కా సబూత్ కాదు, నాకు తెలుసు. పక్క కిటికీలో మెషీన్ రాత పెట్టుకుని చూస్తూ టైప్ చేసేవాడికీ చరిత్ర తయారవుతుంది. అందుకే కాలేజీకి వెళ్లి ఇవన్నీ చూపించాక, "పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి ఆ వరద గురించి ఏమైనా అడగండి" అన్నాను. ఇరవై నిమిషాలు అడిగారు. జవాబులన్నీ చెప్పింది.

సున్నా తీసేశారు. మాఫీ మాత్రం అడగలేదు. డిటెక్టర్ ఎంత తప్పు చేస్తుందో రాసివ్వమంటే, "అది మా చేతిలో లేదు" అన్నారు. పిల్లకు సున్నా వేయడం మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది!