పదేళ్ల పేపర్లు లెక్కపెట్టారు సరే... లెక్క సరిగ్గా పెట్టారా?

తిరుపతి బాలాజీ కాలనీ వైపు ఏ జిరాక్స్ షాపుకెళ్లినా ఒక కాగితం దొరుకుతుంది. 'గేట్ సీఎస్ పదేళ్ల వెయిటేజీ' అని పైన హెడ్డింగు, కింద టాపిక్‌లు, పక్కన అంకెలు. నేను ఫైనలియర్‌లో ఉన్నప్పుడు అలాంటిది కొని గది గోడకి అతికించుకున్నా. దాన్ని నమ్మి వెబ్ టెక్నాలజీస్ మీద రెండు రోజులు కూర్చున్నా కూడా. తీరా చూస్తే ఆ సబ్జెక్టు 2016 నుంచి సీఎస్ సిలబస్‌లోనే లేదు. కాగితం వేసినాయన 2014, 2015 పేపర్లు కూడా కలిపేశాడు, అంతే.

లెక్కపెట్టడం మంచి పనే. కానీ వేరేవాళ్ల లెక్క కొనొద్దు, మీరే వేసుకోండి. రెండు ఆదివారాల పని. ఎక్కడ తప్పుతుందో తెలిస్తే చాలు.

మొదట ఒక విషయం. పదేళ్లంటే పది పేపర్లు కాదు. గేట్ సీఎస్ 2016, 2017, 2021, 2024, 2025లో రెండేసి సెట్లుగా జరిగింది. మిగతా ఐదేళ్లలో ఒక్కో సెట్టే. మొత్తం 15 పేపర్లు. ఒక్కో దాంట్లో 65 ప్రశ్నలు, 100 మార్కులు. ఇందులో జనరల్ ఆప్టిట్యూడ్ 10 ప్రశ్నలు, 15 మార్కులు ఎప్పుడూ ఉండేవే కాబట్టి వాటిని పక్కన పెట్టండి. మిగిలేవి పేపర్‌కి 55, అంటే 15 పేపర్లకి 825 ప్రశ్నలు.

పేపర్లన్నీ కలిపి కూడితే 2024కి 2023 కంటే రెట్టింపు బరువు వచ్చేస్తుంది. పైగా ఒకే ఏడాది రెండు సెట్లనీ నిర్వహించేది ఒకే సంస్థ. ఆ ఏడాది వాళ్లకి ఒక టాపిక్ మీద మోజు ఉంటే రెండు సెట్లలోనూ కనిపించొచ్చు. దాన్ని రెండు సాక్ష్యాలుగా తీసుకోకూడదు. అందుకే ముందు ఏడాదికి సగటు తియ్యండి. ఒక సెట్‌లో 2 మార్కులు, ఇంకోదాంట్లో 4 వస్తే ఆ ఏడాదికి 3 అన్నమాట.

స్ప్రెడ్‌షీట్‌లో ప్రశ్నకో వరుస పెట్టండి. A కాలమ్‌లో ఏడాది, Bలో సెట్, Cలో ప్రశ్న నంబరు, Dలో మార్కులు, Eలో టాపిక్. పక్కన H3 నుంచి కిందికి టాపిక్ పేర్లు, I1 నుంచి పక్కకి ఏడాదులు, వాటి కింద I2 వరుసలో ఆ ఏడాది సెట్ల సంఖ్య. అప్పుడు I3లో ఇది రాసి లాగితే సరిపోతుంది:

```
=SUMIFS($D:$D,$E:$E,$H3,$A:$A,I$1)/I$2
```

ఇక్కడ కూడేది మార్కుల్ని, ప్రశ్నల్ని కాదని గమనించారు కదా. ఒక మార్కు ప్రశ్నలు నాలుగు వచ్చిన టాపిక్కూ, రెండు మార్కులవి నాలుగు వచ్చిన టాపిక్కూ సమానం కావు.

అసలు కష్టం E కాలమ్‌లో ఉంది. టీఎల్‌బీ, క్యాష్ రెండూ ఇచ్చి సగటు యాక్సెస్ టైమ్ అడిగారనుకోండి, అది ఆపరేటింగ్ సిస్టమ్స్‌దా, కంప్యూటర్ ఆర్గనైజేషన్‌దా? ఈరోజు ఒకటి రాసి, వచ్చే వారం ఇంకోటి రాస్తే లెక్కంతా వృథా. నా పద్ధతి ఏమిటంటే అలాంటి ప్రశ్నకి రెండు వరుసలు, మార్కులు సగం సగం. ఇంకో పని చెయ్యండి. మీరు టాపిక్ రాసిన రెండు పేపర్లని మీ జవాబులు చూపించకుండా స్నేహితుడికిచ్చి అతన్నీ రాయమనండి. 110 ప్రశ్నల్లో ఏ ఇరవైకో పైన తేడా వస్తే తప్పు అతనిది కాదు, మీ టాపిక్ పేర్లు స్పష్టంగా లేవని.

టాపిక్‌లని మరీ ముక్కలు చెయ్యొద్దు. 825 ప్రశ్నల్ని 45 టాపిక్‌లకి పంచితే ఒక్కోదానికి సగటున 18 వస్తాయి. 150 చేస్తే ఐదారే. ఐదారు ప్రశ్నల్ని పట్టుకుని 'ఇది ముఖ్యం, అది కాదు' అనలేం. ఉజ్జాయింపుగా, వచ్చిన సంఖ్యకి వర్గమూలం ఎంతో అంత అటూ ఇటూ ఊగడం సహజం. 9 సార్లు వచ్చిన టాపిక్ ఆరు నుంచి పన్నెండు మధ్య ఎక్కడైనా ఉండేదే. కాబట్టి 9కీ 13కీ మధ్య ఉన్న తేడాని చూసి ర్యాంకులివ్వకండి. రెండింటినీ ఒకే గుంపులో పడేయండి.

సగటు కూడా మోసం చేస్తుంది. రెండు టాపిక్‌లు ఊహించుకోండి (అంకెలు నేను వేసినవే). 2016 నుంచి 2025 దాకా మొదటిదానికి 2, 3, 2, 0, 2, 3, 2, 3, 2, 1 మార్కులు. రెండోదానికి 0, 0, 1, 0, 6, 7, 0, 1, 3, 2. రెండింటికీ మొత్తం 20, సగటు 2. జిరాక్స్ షాపు కాగితంలో పక్కపక్కనే ఉంటాయి. కానీ మొదటిది పదేళ్లలో తొమ్మిదేళ్లు వచ్చింది. రెండోది ఆరేళ్లే, అందులోనూ 20లో 13 మార్కులు రెండేళ్లలోనే. అందుకే సగటు పక్కన 'ఎన్నేళ్లు వచ్చింది' అని ఇంకో కాలమ్ ఉండాలి.

ఇంతా చేశాక ఈ లెక్క పనికొస్తుందో లేదో తెలిసేదెలా? పరీక్ష దాకా ఆగక్కర్లేదు. 2016–2022 పది పేపర్లతోనే జాబితా వేసి పైనున్న 12 టాపిక్‌లు తియ్యండి. 2023–2025 ఐదు పేపర్లలో వాటికి సగటున ఎన్ని మార్కులొచ్చాయో చూడండి. మీవి 45 టాపిక్‌లైతే, కళ్లు మూసుకుని ఏ 12 ఎంచుకున్నా 85లో సుమారు 23 మార్కులు రావాలి. మీ జాబితాకి 40 వస్తే లెక్క పనిచేస్తోంది. 25 దగ్గర ఆగితే మీరు లెక్కపెట్టింది గాలిని. ఈ పరీక్ష పెట్టిన వెయిటేజీ చార్టు నేనింతవరకూ ఒక్కటీ చూడలేదబ్బా.

ఏపీపీఎస్సీ గ్రూప్-2 రాసేవాళ్లు ఇక్కడ ఆగి చూడాలి. 2016, 2018, 2023 నోటిఫికేషన్లకి జరిగిన స్క్రీనింగ్ పరీక్షలు మూడే. 2023లో పథకమే మారింది. స్క్రీనింగ్‌లోకి భారతీయ సమాజం వచ్చింది, మెయిన్స్ మూడు పేపర్ల నుంచి రెండుకి తగ్గింది. మూడు పేపర్లతో, అదీ మారిన సిలబస్‌తో, టాపిక్ లెక్క నిలబడదు. కొత్త పథకంలో స్క్రీనింగ్‌లోని ఐదు భాగాలకీ తలా 30 మార్కులు కమిషనే పంచి ఇచ్చింది. దాన్నే ఆధారం చేసుకోండి. పాత పేపర్లని ప్రశ్న ఎంత లోతుకి వెళ్తోందో చూడ్డానికి వాడుకోండి చాలు.

గేట్‌లోనూ ఇలాంటి మార్పు ఒకటుంది. 2021 నుంచి ఒకటి గానీ, అంతకంటే ఎక్కువ గానీ సరైన జవాబులుండే ఎంఎస్‌క్యూలు వచ్చాయి. నెగెటివ్ లేదు, సగం మార్కులూ లేవు. ఎలిమినేషన్‌తో గట్టెక్కిన టాపిక్ ఈ రూపంలో వస్తే ప్రతి ఆప్షనూ తేల్చాల్సిందే. షీటులో ప్రశ్న రకానికి ఒక కాలమ్ పెడితే ఇది కనిపిస్తుంది.

చివరిగా, ఎక్కువ మార్కులొచ్చే టాపిక్కే ముందు చదవాలని లేదు. సగటు 2 మార్కుల టాపిక్‌లో మీరు ఇప్పటికే నూటికి 80 సరిగ్గా చేస్తుంటే మిగిలింది 0.4 మార్కు. సగటు 1.5 ఉన్నదాంట్లో నూటికి 30 మాత్రమే చేస్తుంటే అక్కడ 1.05 ఉంది. ఆ సంఖ్యని, ఆ టాపిక్ పూర్తిచెయ్యడానికి మీకు పట్టే గంటలతో భాగించండి. వచ్చిన క్రమమే మీ రివిజన్ క్రమం. అది పక్క గదివాడి క్రమంతో కలవదు, కలవక్కర్లేదు కూడా. మాక్ టెస్ట్ రాసిన ప్రతిసారీ ఆ 80, 30 అంకెలు మార్చుకుంటూ పోండి.