ఇరవయ్యా, అరవయ్యా?

మన గ్రూపుల్లో అందరికీ వాయిస్ మెసేజ్ అలవాటైపోయింది. టైప్ చేసే ఓపిక మనకి లేదు, చిన్న అక్షరాలు చదివే ఓపిక అమ్మావాళ్ళకి లేదు. దాన్ని మానెయ్యమని నేను చెప్పను. కానీ చెవికి ఒకేలా వినపడే మాటలు కొన్నింటిని మందుల విషయంలో మాత్రం వాడకూడదని నా అభిప్రాయం. ఎందుకో మా ఇంట్లో జరిగింది చెబితే మీకే తెలుస్తుంది.

మా నాన్నకి షుగర్. పొద్దున్నే ఇన్సులిన్ పదహారు యూనిట్లు. వేసేది అమ్మ. పోయిన ఏడాది డాక్టరుగారితో వీడియోలో మాట్లాడింది నేనే, ఇక్కడ డాలస్ నుంచి. ఆయన మోతాదు ఇరవైకి పెంచమన్నారు. అప్పటికి మాకు రాత్రి తొమ్మిదిన్నర, వాళ్ళకి పొద్దున ఎనిమిది, నాన్నకి టిఫిన్ వేళ. పిల్లాణ్ణి పడుకోబెడుతూ గబగబా ఒక మెసేజ్ పెట్టాను: "అమ్మా, రేపట్నుంచి పొద్దున్న ఇరవై వెయ్యి."

మర్నాడు అమ్మ ఫోను. "ఏమే, సిరంజీలో నలభై దాకానే గీతలున్నాయి. అరవై ఎలా వెయ్యను? రెండుసార్లు పొడవాలా?"

నా గుండె ఆగినంత పనైంది. మన దేశంలో సీసాలో దొరికే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకి నలభై యూనిట్లది. దానికి వాడే ఒక మిల్లీలీటరు సిరంజీ నలభై దగ్గర ఆగిపోతుంది. ఆ రోజు నాన్నని కాపాడింది ఆ సిరంజీయే, నా తెలుగు కాదు. అదే డయల్ తిప్పే పెన్ అయ్యుంటే? కొన్ని పెన్నుల్లో అరవై దాకా ఒకేసారి తిరుగుతుంది. పదహారు అలవాటైన ఒంట్లోకి అరవై వెళ్తే చెమటలు, వణుకు, ఆ తర్వాత స్పృహ తప్పడం. పక్కన ఉండేది డెబ్బై ఏళ్ళ అమ్మ ఒక్కతే.

తర్వాత ఆ మెసేజ్ నేనే మళ్ళీ విన్నాను. తప్పు అమ్మ చెవిది కాదు. ఇరవైకీ అరవైకీ తేడా మొదటి అచ్చు ఒక్కటే. పైగా మనం మాటల్ని విడివిడిగా పలకం, కలిపేస్తాం. "పొద్దున్న ఇరవై" నోట్లో "పొద్దున్నిరవై" అవుతుంది. "పొద్దున్న అరవై" అయితే "పొద్దున్నరవై". రెండిటినీ వేరు చేసే ఆ ఒక్క శబ్దాన్నీ సంధి మాట మధ్యలో దాచేసింది. ఇక అంకెతోనే మెసేజ్ మొదలుపెట్టామా, ఇంకా కష్టం. బటన్ నొక్కగానే మాట్లాడేస్తాం, మొదటి అక్షరం రికార్డే కాదు. మిగిలేది "...రవై".

"అయితే ఇంగ్లీషులో చెబితే సరిపోతుందిగా" అంది మా పక్కింటావిడ. ఇరవై, అరవైల వరకు నిజమే. ట్వంటీ, సిక్స్టీ ఒకేలా వినపడవు. కానీ పదిహేను, యాభై దగ్గరకొస్తే ఇంగ్లీషే మోసం చేస్తుంది. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్లో ఒకటే. అక్కడ మన తెలుగే నయం. అలాగని తెలుగులో అన్నీ క్షేమం కాదు. పదిహేను, పదిహేడు చెప్పి చూడండి, గాలి ఎక్కువుంటే ఏది ఏదో తెలీదు. అందుకే నేనిప్పుడు అంకెని రెండు రకాలుగా చెబుతాను. ముందు మామూలుగా, తర్వాత విడివిడిగా: "ఇరవై. రెండు, సున్నా." అరవై అయితే "ఆరు, సున్నా". రెండుకీ ఆరుకీ పోలికే లేదు. పదిహేను "ఒకటి, ఐదు", పదిహేడు "ఒకటి, ఏడు". ఆసుపత్రుల్లో నోటిమాటగా మోతాదు చెప్పేటప్పుడు కూడా ఇలా విడదీసి చెప్పమనే అంటారు. చివర్లో ఒక కొలత కూడా జోడిస్తాను: "సిరంజీలో సరిగ్గా సగం." చెవి తప్పినా కన్ను పట్టుకుంటుంది.

అంకెల కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకోటుంది. ఈ రెండు వాక్యాలు గబగబా పైకి చదవండి. "తిన్నాక మందు వేసుకో." "తినక ముందు వేసుకో." విన్నారా? ఒకటి అన్నం తర్వాత, రెండోది అన్నానికి ముందు. అర్థం పూర్తిగా తలకిందులు, శబ్దం దాదాపు ఒకటే. షుగర్ మాత్రల్లో కొన్ని తినేముందు వేసుకోవాలి, కడుపులో మంట తెప్పించే నొప్పి మాత్రలు తిన్నాకే వేసుకోవాలి. అందుకే ఆ రెండు వాక్యాలూ మా ఇంట్లో నిషేధం. "పరగడుపున" అంటాను, లేదా "అన్నం తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు" అంటాను. కొంచెం పొడుగే. కానీ ఈ రెండిటినీ ఎవరూ కలగలపలేరు.

మూడోది మన భాషలోని చిన్న "క". "బీపీ మాత్ర ఆపండి" అన్నా, "ఆపకండి" అన్నా మధ్యలో ఒక్క అక్షరమే తేడా. సిగ్నల్ అర క్షణం తెగితే ఆ "క" పోతుంది, ఆపొద్దన్న మాట కాస్తా ఆపమన్న మాట అవుతుంది. ఇలాంటిచోట "కాదు" అని చెప్పే బదులు ఏం చెయ్యాలో చెప్పడం మేలు: "బీపీ మాత్ర రోజూ వేసుకోవాలి." నిజంగా వద్దనాల్సి వస్తే "వద్దు" అన్న మాటని చివర విడిగా పెట్టండి: "ఆ తెల్ల మాత్ర, ఇక వద్దు. వద్దు." చివర ఒత్తి పలికిన మాట అంత తేలిగ్గా జారిపోదు.

ఇంత చేసినా ఒక్క పని మానకూడదు. "అర్థమైందా అమ్మా?" అని అడగడం వల్ల లాభం లేదు. ఏం విన్నా మనవాళ్ళు "ఆఁ" అంటారు. "ఎంత వేస్తావో ఒకసారి నువ్వు చెప్పు" అనాలి. విమానాల రేడియోలో కూడా అంతే, కంట్రోలర్ చెప్పిన ఎత్తునీ, రన్‌వే నంబరునీ పైలట్ తిరిగి పలకాలి. అక్కడ తొమ్మిదిని నైన్ అనరు, నైనర్ అంటారు, ఫైవ్‌లా వినపడకూడదని. ఆ రోజు అమ్మ ఫోన్ చేసి "అరవై" అనకపోతే నాకు తెలిసేదే కాదు. తను అనుకోకుండా చేసిన పనిని నేనిప్పుడు అలవాటుగా అడుగుతున్నాను.

మొదట్లో అమ్మకి కోపం వచ్చింది. "నన్ను పిల్లని చేసి అప్పచెప్పించుకుంటావేంటే" అంది. నిజమే, పెద్దవాళ్ళకి అది చిన్నతనంగా ఉంటుంది. నేను మాట మార్చాను: "నేను గబగబా వాగుతానని నీకు తెలుసుగా. నేను సరిగ్గా చెప్పానో లేదో నువ్వు చూడు." తప్పు నా మీద వేసుకునేసరికి ఆవిడకి హుషారొచ్చింది. ఇప్పుడు నేను అడక్కముందే "రెండు, సున్నా, సగం సిరంజీ" అంటోంది.

ఇవన్నీ అనవసరమైన చాదస్తం అనేవాళ్ళున్నారు. పెళ్ళిచీర రంగు గురించో, పచ్చడిలో ఉప్పు గురించో అయితే నేనూ అదే అంటాను. మందు, మోతాదు, వేళ, ఈ మూడింటికే ఇంత జాగ్రత్త. ఈ రాత్రి ఇంటికి పంపే మెసేజ్‌లో ఈ మూడింట్లో ఏదైనా ఉంటే, పంపేముందు ఒకసారి మీరే వినండి. మీ గొంతుగా కాదు, ఫ్యాను కింద కూర్చున్న అమ్మ చెవితో వినండి.